పొడవాటి బిల్లుకు తీసిన రెండు ఫోటోలను ఒకే జాబితాగా కలపడం

ప్రశ్న: పొడవాటి బిల్లును రెండు ఫోటోలుగా తీశాను. మధ్యలో కొన్ని లైన్లు రెండింటిలోనూ ఉన్నాయి. అవి రెండుసార్లు రాకుండా ఒకే జాబితా ఎలా చేయాలి?

మొదటి ఫోటో చివరి లైన్లు, రెండో ఫోటో మొదటి లైన్లు అదే వరుసలో ఎంతవరకు కలుస్తున్నాయో చూసి, ఆ ముక్కను రెండో జాబితాలోంచి మాత్రమే తీసేయండి. బిల్లులో లైన్ల క్రమం మారదు కాబట్టి, రెండింటిలోనూ పడ్డ భాగం ఎప్పుడూ ఈ అతుకు దగ్గరే, విడిపోని ఒకే ముక్కగా ఉంటుంది.

మొదటి ఫోటోలో 12 లైన్లు ఉన్నాయనుకుందాం. చివరి మూడు: బ్రష్ 25, సబ్బు 40, సబ్బు 40. రెండో ఫోటోలో 9 లైన్లు. అది కూడా బ్రష్ 25, సబ్బు 40, సబ్బు 40 అనే మొదలై, తర్వాత బ్యాటరీ 60 వస్తుంది. కలిసినవి మూడు, కాబట్టి మొత్తం 12 + 9 − 3 = 18 లైన్లు.

చాలామంది ఒకేలా ఉన్న లైన్లన్నీ తీసేస్తే సరిపోతుందనుకుంటారు. అలా చేస్తే నిజంగానే రెండు కొన్న సబ్బుల్లో ఒకటి పోయి, 17 లైన్లే మిగులుతాయి, మొత్తం 40 తగ్గుతుంది. ఎక్సెల్‌లో Remove Duplicates నొక్కినా ఇదే జరుగుతుంది.

ఫోటో అంచున సగం తెగిన లైను ఉంటే పోల్చకముందే వదిలేయండి, మరో ఫోటోలో అది పూర్తిగా ఉందని చూసుకున్నాకే. కలిసిన ముక్కలో సబ్బు లైన్లు తప్ప ఇంకేమీ లేకపోతే ఎన్ని కలిశాయో చూపుతో తేలదు. అప్పుడు ధరలు కూడి, పన్నులు, తగ్గింపులకు ముందు బిల్లులో వేసిన మొత్తంతో సరిచూడండి.