పాత కార్బ్యురేటర్ బండి, ఈ20 పెట్రోల్: మైలేజీ తగ్గితే ఎక్కడ చూడాలి

ప్రశ్న: నాది 2014 మోడల్ 125 సీసీ బైక్, కార్బ్యురేటర్‌ది. లీటరుకు 60 ఇచ్చేది ఇప్పుడు 51 ఇస్తోంది. ఇది ఈ20 వల్లేనా? రబ్బరు పార్టులు మార్చాలా?

జవాబు: ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నేరుగా దానివల్ల పోయేది అందులో రెండు కిలోమీటర్లే. లీటరు శుద్ధ పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. ఆ లెక్కన పది శాతం ఇథనాల్ కలిస్తే 30.9, ఇరవై శాతం కలిస్తే 29.8. అంటే పది నుంచి ఇరవైకి మారితే తగ్గేది మూడున్నర శాతం, 60 కాస్తా 58 అవుతుంది. శుద్ధ పెట్రోల్‌తో పోల్చినా తేడా ఏడు శాతమే, అప్పుడూ 56 రావాలి.

మిగతాది ఎటు పోతోందో స్పార్క్ ప్లగ్ చెబుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పెట్రోల్‌ను కొలిచి వదిలే పాత జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం అందదు. అలాంటప్పుడు ప్లగ్ తెల్లబడుతుంది, పొద్దున స్టార్ట్ చేయాలంటే చోక్ ఎక్కువసేపు కావాలి, థ్రాటిల్ తిప్పగానే బండి తడబడుతుంది. దీనికి మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచి, ఐడిల్ మిక్చర్ స్క్రూ సరిచేస్తే చాలు. బండి నడక బాగవుతుంది గానీ మైలేజీ తిరిగి రాదు, అది ముందే తెలిసి ఉండాలి.

ప్లగ్ నల్లగా మసిపట్టి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. అది శుభ్రంగా ఉంటే నా అనుమానం కార్బ్యురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ మీదే. పాత నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌లో ఉబ్బుతుంది, బండి వాడకుండా ఉంచితే ఆరి కుంచించుకుపోతుంది. అలా పదేపదే జరిగితే నీడిల్ రబ్బరు మొన సీటులో సరిగ్గా కూర్చోదు, పెట్రోల్ అవసరానికి మించి వస్తుంది. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురును కూడా ఇథనాల్ కదిలిస్తుంది, ఆ నలుసు సీటులో ఇరుక్కున్నా అదే ఫలితం. ఇంజిన్ ఆపి, పెట్రోల్ కాక్ తెరిచి, పది నిమిషాలు ఉంచండి. ఓవర్‌ఫ్లో గొట్టం చివర తడి కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మార్చాల్సినవి నాలుగే: నీడిల్, ఫ్లోట్ చాంబర్ ఓ రింగ్, పెట్రోల్ కాక్ వాషర్లు, ట్యాంకు నుంచి వచ్చే పైపు. మొదటి మూడూ ఎఫ్‌కేఎం రబ్బరువి, అంటే షాపుల్లో వైటన్ అని అడిగేవి, తీసుకోండి. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అన్న గుర్తు చూసుకోండి. పాత పైపును వేళ్లతో నొక్కితే మెత్తగా జిగటగా ఉన్నా, వంచితే పగుళ్లు కనిపించినా ఇంకో రోజు కూడా ఉంచకండి, అది నేరుగా వేడి ఇంజిన్ మీద కారుతుంది.

పని చేయించేటప్పుడు ఇంకో మాట. పెట్రోల్ కాక్ దగ్గర లీక్ ఆపడానికి కొందరు మెకానిక్‌లు షెల్లాక్ పూస్తారు. అది శుద్ధ పెట్రోల్‌కు తట్టుకుంటుంది గానీ ఆల్కహాల్‌లో కరుగుతుంది, కరిగింది వెళ్లి జెట్‌లోనే గడ్డకడుతుంది. కొత్త వాషర్ వేసి పొడిగానే బిగించమనండి.