ట్యూన్ ఒక్కటే గుర్తుంటే సినిమాను పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: చిన్నప్పుడు టీవీలో చూసిన సినిమాలో ఒక పాట ట్యూన్ మాత్రం గుర్తుంది. సినిమా పేరు తెలీదు, అది ఏ భాషో కూడా తెలీదు. ఎలా వెతకాలి?

జవాబు: ముందు కూనిరాగంతో మొదలుపెట్టండి. ఫోన్‌లో గూగుల్ యాప్ తెరిచి మైక్ గుర్తు నొక్కితే Search a song అని కనిపిస్తుంది. అది నొక్కి 10–15 సెకన్లు పాడండి. షాజామ్ అనే యాప్ అసలు రికార్డింగునే పోల్చి చూస్తుంది కాబట్టి పాట ఎక్కడో మోగుతున్నప్పుడే పనికొస్తుంది. గూగుల్ మాత్రం స్వరం ఎలా ఎక్కుతోంది, ఎలా దిగుతోంది అన్నది పట్టుకుంటుంది. అందుకే ఏ శ్రుతిలో పాడినా ఫరవాలేదు. సగం సగం గుర్తున్న మాటలు వదిలేసి, "లలలా" అంటూ పల్లవిని ఆపకుండా పాడండి. మధ్యలో గుర్తు తెచ్చుకుంటూ ఆగితే లయ తెగిపోయి ఏవేవో పాటలు వస్తాయి.

అసలు చిక్కు పాట దొరికాక మొదలవుతుంది. మా పిన్ని ఇలాగే ఒక ట్యూన్ పాడితే హిందీ 'లవ్' (1991)లోని 'సాథియా తూనే క్యా కియా' వచ్చింది. గొంతులు బాలు, చిత్రలవే. హీరోయిన్ రేవతే. పిన్నికి గుర్తున్నవన్నీ సరిపోయాయి. కానీ వీడియోలో సల్మాన్ ఖాన్‌ని చూడగానే "ఈ అబ్బాయి కాదే" అంది. అది తెలుగు 'ప్రేమ' (1989)కి రీమేక్. దర్శకుడు సురేష్ కృష్ణ, రేవతి, ఆ గాయకులిద్దరూ రెండింటిలోనూ ఉన్నారు. తెలుగులో అదే ట్యూన్ 'ఈనాడే ఏదో' పాటది. వెంకటేష్ కనబడగానే పిన్ని ముఖం వెలిగిపోయింది. హిందీ సినిమాకి సంగీతం ఆనంద్-మిలింద్ పేరు మీద ఉంటుంది, తెలుగులో ఇళయరాజా. సంగీత దర్శకుడి పేరు పట్టుకుని వెతికుంటే ఈ రెండు పాటలకీ లంకె దొరికేదే కాదు.

కాబట్టి ట్యూన్ దొరికిన మొదటి సినిమా దగ్గరే ఆగిపోకండి. ఆ పాట పేరుకి తెలుగు, తమిళం, హిందీ అని ఒక్కొక్కటీ చేర్చి యూట్యూబ్‌లో వెతకండి. రీమేక్ అయితే నటులు మారతారు, మీకు గుర్తున్న ముఖమే తేల్చేస్తుంది. డబ్బింగ్ అయితే బొమ్మ అంతా ఒకటే, మాటలే వేరు. 'రోజా' (1992) పాటలు తమిళంలో చూసినా, తెలుగులో చూసినా, హిందీలో చూసినా కళ్లకు తేడా తెలీదు. అప్పుడు అన్ని భాషల్లోనూ పల్లవి విని, ఏ మాటలు మీ నోటికి అలవాటుగా తగులుతున్నాయో చూసుకోండి. అర్థం తెలియకుండా విన్న పాటకైనా పాదం చివర అచ్చు, "ఆ" అనో "ఏ" అనో, సాధారణంగా గుర్తుండిపోతుంది.

ఇంకో సంగతి. పాటల యాప్‌లలో ఆల్బమ్ అని కనిపించేది చాలాసార్లు సినిమా పేరు కాదు, ఎవరో కూర్చిన హిట్స్ సంకలనం. అక్కడి సంవత్సరం కూడా ఆ సంకలనానిదే. పాట పేరు పక్కన From అని ఉంటే దాని తర్వాత వచ్చేదే సినిమా పేరు.