ఉదయం ఉన్న ఎత్తు సాయంత్రానికి ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 21 ఏళ్లు. పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడు. దానికి 167.6 సెం.మీ. ఎత్తు ఉండాలి. పొద్దున 6 గంటలకు లేవగానే కొలిస్తే 168.4 వస్తోంది, రాత్రి 8 గంటలకు 167.1 మాత్రమే ఉంటున్నాడు. వెన్నులో ఏమైనా లోపం ఉందా? ఏ కొలతను నమ్మాలి? రోజూ లేవగానే వంగి కాలివేళ్లు అందుకునే వ్యాయామం చేస్తున్నాడు, దానివల్ల ఎత్తు పెరుగుతుందా?

జవాబు: లోపం ఏమీ లేదు, రెండు కొలతలూ నిజమే. రోజులో మనిషి ఎత్తు సుమారు ఒక శాతం మేరకు, అంటే ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వరకు మారడం ఆరోగ్యవంతులందరిలోనూ ఉన్నదే. మీ అబ్బాయిలో కనిపిస్తున్న 13 మిల్లీమీటర్ల తేడా ఆ పరిధిలోనే ఉంది.

ఈ మార్పు ఎముకల్లో జరగదు, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల్లో జరుగుతుంది. మెడ నుంచి నడుము కింది వరకు ఇవి 23 ఉంటాయి, వెన్ను పొడవులో దాదాపు నాలుగో వంతు వీటిదే. ఒక్కొక్క డిస్కు చుట్టూ పొరలు పొరలుగా అల్లుకున్న గట్టి నారవలయం, దాని మధ్యలో మెత్తని గుజ్జు ఉంటాయి. యువకుల్లో ఆ గుజ్జులో ఎక్కువ భాగం నీరే. శరీర బరువును పూసల మీద సమానంగా పంచడం, వెన్ను వంగడానికి, తిరగడానికి వీలు కల్పించడం ఈ డిస్కుల పని.

గుజ్జులోని ప్రోటియోగ్లైకాన్‌లనే పదార్థాలు, నీటిలో వేసిన శనగల మాదిరిగా, చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాక్కుంటాయి. మనం నిలబడినా కూర్చున్నా పైనుంచి పడే బరువు, వెన్ను కండరాల బిగింపు కలిసి ఆ నీటిని నెమ్మదిగా బయటికి నెడతాయి. పడుకున్నప్పుడు ఒత్తిడి బాగా తగ్గిపోతుంది కాబట్టి నీరు తిరిగి చేరి డిస్కులు ఉబ్బుతాయి. పెద్దవారి డిస్కు లోపలి భాగానికి రక్తనాళాలు ఉండవు. గ్లూకోజు, ఆక్సిజను పూసల అంచుల నుంచి గుజ్జులోకి మెల్లగా ఇంకి చేరవలసిందే.

అయితే ఎత్తు రోజంతా ఒకే వేగంతో తగ్గదు, మీ అబ్బాయి విషయంలో ముఖ్యమైనది ఇదే. రోజు మొత్తంలో తగ్గేదానిలో సగానికి పైగా మంచం దిగిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఆ లెక్కన 6 గంటలకు 168.4 ఉన్న ఎత్తు 7 గంటలకే 167.7 దగ్గరికి వస్తుంది, ఇంకాసేపటికి 167.6 కంటే కిందికి దిగే అవకాశం ఉంది. మైదానానికి ప్రయాణించి వరుసలో నిలబడి, కొలత వంతు వచ్చేసరికి ఎంత లేదన్నా రెండు మూడు గంటలు పడుతుంది. కనుక లేవగానే తీసిన కొలతను నమ్ముకుని ధైర్యంగా ఉండడం సరికాదు. లేచిన మూడు గంటల తరువాత, గోడకు మడమలు ఆనించి, చూపు నేరుగా ముందుకు ఉంచి, తలపై చదునైన పలకను పెట్టి కొన్ని రోజులు కొలవండి. మైదానంలో వచ్చే అంకె దానికి దగ్గరగా ఉంటుంది.

కొలతకు ముందు అరగంటైనా వెల్లకిలా, మోకాళ్లు మడిచి పడుకుంటే కొన్ని మిల్లీమీటర్లు తిరిగి రావచ్చు. పరుగెత్తినా, బరువులు మోసినా డిస్కులు మరింత వేగంగా కుంచించుకుపోతాయి కాబట్టి ఆ ఉదయం అనవసరంగా శ్రమపడకపోవడం మంచిది. ఇలా వచ్చే ఎత్తు తాత్కాలికమే. సాధారణంగా 21 ఏళ్లకు కాళ్ల ఎముకల్లోని ఎదుగుదల పలకలు మూసుకుపోయి ఉంటాయి, అందువల్ల కడ్డీకి వేలాడడం, ఎత్తు పెంచుతామని అమ్మే పొడులు వాడడం శాశ్వతమైన ఫలితం ఇవ్వవు.

కాలివేళ్లు అందుకునే వ్యాయామాన్ని లేవగానే చేయడం మాత్రం వెంటనే మానిపించండి. రాత్రంతా నీరు పట్టి బిగువుగా ఉన్న డిస్కు, వంగినప్పుడు మధ్యాహ్నం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడికి లోనవుతుంది, వెనుకవైపు నారవలయం మీద ఆ భారం పడుతుంది. నడుం నొప్పి ఉన్నవారు ఉదయం వేళ వంగడం తగ్గిస్తే నొప్పి తగ్గినట్లు పరిశోధనల్లో తేలింది. లేచాక కనీసం ఒక గంట నడక వంటి తేలికపాటి పనులతో గడిపి, ఆ తరువాతే వంగే వ్యాయామాలు, బరువులెత్తడం మొదలుపెట్టాలి.

నడుము నుంచి మోకాలి కిందికి పాకే నొప్పి, పాదంలో తిమ్మిరి కనిపిస్తే ఎముకల వైద్యుడికి చూపించండి. కాలు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.