జవాబు లేఖను సరిచూడటం రివ్యూయర్ల వ్యాఖ్యల నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మా సహోద్యోగి జర్నల్ రివ్యూయర్లకు రాసిన జవాబు లేఖను పంపేముందు నన్ను ఒకసారి చూడమన్నారు. ఏమేం చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: లేఖను పక్కన పెట్టి, ముందుగా రివ్యూయర్ల వ్యాఖ్యలతో ఎడిటర్ పంపిన నిర్ణయ లేఖను తెరవండి. రచయిత లేఖతో మొదలుపెడితే అందులో ఉన్న జవాబులే కనబడతాయి తప్ప, లేనివి కనబడవు. ఒకసారి నా వ్యాసానికి ఒక రివ్యూయర్ మూడో వ్యాఖ్యగా ఇలా రాశారు: నమూనాలో 120 మందే ఎందుకున్నారో చెప్పాలి, మధ్యలో తప్పుకున్నవారిని విశ్లేషణలో ఎలా లెక్కించారో తెలియడం లేదు, రెండో పట్టికలో కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్ కూడా ఇస్తే బాగుంటుంది. నేను నమూనా పరిమాణం గురించి అర పేజీ రాసి, ఆ వ్యాఖ్యకు జవాబు ఇచ్చేశాననుకున్నాను. రెండో విడతలో అదే రివ్యూయర్ మిగతా రెండింటికీ సమాధానం లేదని రాయడంతో వ్యాసం మళ్లీ సవరణకు వచ్చింది. అప్పటినుంచి ప్రతి వ్యాఖ్యనూ విడదీసి 3అ, 3ఆ, 3ఇ అని గుర్తులు పెట్టి, ఒక్కొక్కదానికి జవాబు ఎక్కడుందో వెతుకుతున్నాను. "ఇస్తే బాగుంటుంది" అని మెత్తగా అడిగినవే ఎక్కువగా తప్పిపోతాయి కాబట్టి, వాటిని సలహాలుగా కాక ప్రశ్నలుగానే లెక్కించండి.

స్వరం సంగతి ఆ తర్వాత చూడవచ్చు. "రివ్యూయర్ మా పద్ధతిని సరిగా అర్థం చేసుకోలేదు, ఇది నాలుగో పేజీలో స్పష్టంగానే ఉంది" అన్న వాక్యం కనబడితే, అందులో రివ్యూయర్ గురించి ఉన్న మాటలన్నీ కొట్టివేసి ఏం మిగిలిందో చూడండి. ఇక్కడ మిగిలేది ఒక పేజీ సంఖ్య మాత్రమే, అంటే అది జవాబే కాదు. "ఈ విషయాన్ని నాలుగో పేజీలో ఒక్క వాక్యంలోనే చెప్పడం వల్ల అది మరుగున పడింది, ఇప్పుడు పద్ధతుల విభాగం మొదట్లోకి తెచ్చి వివరించాం" అని మార్చితే కోపంతో పాటు ఆ లోటు కూడా తీరుతుంది. రివ్యూయర్‌తో విభేదించడం తప్పు కాదు. కారణం, ఆధారం చూపి, అవసరమైతే ఆ పరిమితిని చర్చా విభాగంలో చేర్చినట్లు చెబితే, విభేదించిన జవాబు కూడా ఆత్మరక్షణగా వినబడదు.

"సూచించినట్లు మార్చాం" అన్నచోటల్లా ఆగండి. ఏం మార్చారో, ఎక్కడ మార్చారో చెప్పి, చిన్న మార్పయితే కొత్త వాక్యాన్నే లేఖలో ఉంచాలి. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది: ట్రాక్ చేంజెస్ కనబడే ఫైలులో కొట్టివేసిన వాక్యాలు కూడా చోటు తీసుకోవడం వల్ల, శుభ్రమైన ప్రతిలోని లైన్ నంబర్లు దానితో కలవవు. లేఖలోని నంబర్లు ఏ ఫైలువో మొదట్లోనే రాయించి, చివరి సవరణ పూర్తయ్యాక ఆ ఫైలు తెరిచి ఒక్కొక్క నంబరు దగ్గరకూ స్వయంగా వెళ్లి చూడండి. మార్చామని లేఖలో ఉండి, ఫైలులో పాత వాక్యమే ఉన్న సందర్భాలు నాకు అలా చూసినప్పుడే దొరికాయి.