నవ్వే ఎమోజీ పెడితే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మేడమ్, నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాను. ఆఫీసు బతుకమ్మ రోజు చీరలో దిగిన ఫోటోని నేనే టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. అక్టోబర్ 3న తోటి ఉద్యోగి ఒకతను ఏదో ఏఐ యాప్‌తో చీర బదులు బికినీ వేసి, అదే గ్రూప్‌లో పెట్టాడు. అందరూ నవ్వారు. ఏం చేయాలో తోచక నేనూ నవ్వే ఎమోజీ పెట్టి, ఆ రాత్రే చాట్ మొత్తం డిలీట్ చేసేశాను. అడిగితే 'నగ్నంగా లేదుగా, ఫోటో నువ్వే పెట్టావుగా' అంటున్నాడు. అప్పటి నుంచి నిద్ర లేదు. వాడి భార్య ఫోటో కూడా అలాగే మార్చి పంపిద్దామని మా తమ్ముడు అంటున్నాడు. కేసు నిలబడుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు తేదీ చూడండి. 2013 నాటి పని స్థలంలో లైంగిక వేధింపుల చట్టం, అందరూ పోష్ అనే చట్టం, ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలంటుంది. ఇప్పుడు డిసెంబర్ నడుస్తోంది. జనవరి 2 దాటనివ్వకండి. ఈ ఫిర్యాదులు వినే మీ ఆఫీసు అంతర్గత కమిటీ తలచుకుంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. కానీ అందుకు మీరు తగిన కారణం చూపాలి, వాళ్లు దాన్ని రాసి ఒప్పుకోవాలి. చేతిలో రోజులున్నప్పుడు ఆ దయ మీద ఆధారపడటం ఎందుకు?

పోలీసుల కంటే ముందు కమిటీ దగ్గరికి ఎందుకంటే, 'నగ్నంగా లేదు' అన్న అతని మాట ఐటీ చట్టం 67 సెక్షన్ కింద కొంత పనిచేస్తుంది. అక్కడ ఆ బొమ్మ అశ్లీలమని రుజువు కావాలి. నగ్న చిత్రమైనంత మాత్రాన అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. పోష్ చట్టం అడిగేది వేరు. ఆ పని లైంగిక స్వభావం ఉన్నదా, అది ఆమెకు ఇష్టం లేనిదా అని. మీ కేసంతా ఈ రెండో ప్రశ్న మీదే తేలుతుంది. చీరలో ఉన్న ఫోటోని తోటివాళ్లు చూడటానికి మీరు ఒప్పుకున్నారు. ఆ ఒంటి మీద వేరే బట్టలు వేయడానికి మిమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగకుండా చేసినదానికి, తర్వాత పెట్టిన ఎమోజీ అనుమతి కాదు.

అయినా అతని మొదటి ఆధారం ఆ ఎమోజీయే అవుతుంది. కాబట్టి దాన్ని దాచకండి. ఫిర్యాదులో మీరే రాయండి: పది మంది ముందు సిగ్గుతో పెట్టాను అని. ఆ రాత్రి అక్కకో స్నేహితురాలికో ఏడుస్తూ మెసేజ్ పెట్టి ఉంటే, అది మీ మనసులో మాట అప్పుడే ఏమిటో చెప్పే సాక్ష్యం. మూడు నెలల తర్వాత మీరు ఏం చెప్పినా అంత బరువు ఉండదు.

ఇక చాట్ డిలీట్ చేయడం. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, ఉన్న ఒక్క సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే తుడిచేశారు! బాధ ఎంతున్నా అది చేయకూడని పని. అదృష్టం ఏమిటంటే మీ ఫోన్‌లో చెరిపితే మిగతా వాళ్ల ఫోన్లలో పోదు. నమ్మకమైన సహోద్యోగిని ఈరోజే అడగండి. గ్రూప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ 90 రోజులకు పెట్టి ఉంటే ఆ బొమ్మ జనవరి 1న దానంతటదే మాయమవుతుంది. ఆమె గ్రూప్ పేరు, అతని నంబర్, తేదీ, సమయం, ఫోటో, కింది స్పందనలు అన్నీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ తీసి తన ఫోన్‌లోనే ఉంచాలి. మీకు గానీ ఇంకెవరికీ గానీ ఫార్వర్డ్ చేయనక్కర్లేదు. సాక్షిని పిలిపించి, ఆధారాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారం కమిటీకి ఉంది. మార్చని అసలు ఫోటో మీ దగ్గర ఉంటుంది కదా, దాన్ని జతచేయండి. రెండూ పక్కపక్కన పెడితే ఏం మార్చారో ఎవరూ వివరించనక్కర్లేదు.

మీ తమ్ముడికి ఈ మాట గట్టిగా చెప్పండి: ఆ భార్య ఫోటో ముట్టుకోవద్దు. ఆమె చేసిన తప్పేమిటి? ఆమె అనుమతి కూడా ఎవరూ అడగలేదు. మీకు జరిగినదే ఇంకో ఆడమనిషికి చేసినవాడు అవుతాడు. ఆమె ఫిర్యాదు ఇస్తే స్త్రీ మర్యాదను అవమానించినందుకు భారతీయ న్యాయ సంహిత 79 సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడే కేసులో మీ తమ్ముడే ముద్దాయి. మీ ఫిర్యాదు కూడా పగతో పెట్టినదిగా కనిపిస్తుంది.

అదే 79 సెక్షన్ కింద మీరూ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. దానికి మూడేళ్ల వరకు గడువుంది కాబట్టి అది తర్వాత చూసుకోవచ్చు. అయితే అప్పుడు ఆ స్క్రీన్ రికార్డింగ్‌ని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ ధ్రువపత్రం కావాలి. దాని మీద ఒక నిపుణుడితో పాటు ఫోన్ ఎవరిదో వాళ్లు కూడా సంతకం చేయాలి గనుక సహోద్యోగిని ఇప్పుడే ఒప్పించి ఉంచండి.

కంపెనీలో పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అంతర్గత కమిటీ ఉండి తీరాలి, పది కంటే తక్కువ మంది ఉంటే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదు ఆరు కాపీలు, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. విచారణ జరిగేంత కాలం అతన్ని వేరే టీమ్‌కి మార్చమని అదే రోజు విడిగా రాతపూర్వకంగా అడగండి.