రీఫండ్ ఇచ్చేశామంటున్నారు, మరి డబ్బేది?

"మిక్సీ తిప్పి పంపి పదకొండు రోజులైంది. ఆన్‌లైన్ షాపు వాళ్లు రీఫండ్ ఇచ్చేశామంటున్నారు, అకౌంట్‌లో ఏమీ పడలేదు. మాది గుంటూరు. ఎవరిని అడగాలి?"

ముందు దేంతో కట్టారో చూసుకోండి. మామూలుగా డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. విజయవాడలో మా వదిన రోజూ బ్యాంకుకెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకునేది. తీరా చూస్తే ఆవిడ కట్టింది క్రెడిట్ కార్డుతో. 2,850 రూపాయలూ వారం కిందటే కార్డు స్టేట్‌మెంట్‌లో జమయ్యి ఉన్నాయి. అవి అకౌంట్‌లోకి రావు, కార్డు బాకీలో తగ్గుతాయి.

యూపీఐతో కడితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. డెబిట్ కార్డయితే షాపు బ్యాంకు, కార్డు నెట్‌వర్క్, మీ బ్యాంకు అన్నీ దాటి రావాలి కాబట్టి ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుంది. సెలవులు లెక్కలోకి రావు.

మీ పదకొండు రోజులు మామూలుగా చూస్తే ఎక్కువే. "ఇచ్చేశాం" అన్న మాట పట్టించుకోకండి, రీఫండ్ రిఫరెన్స్ నంబరు అడగండి. కార్డుకైతే 23 అంకెల ఏఆర్ఎన్, యూపీఐకైతే 12 అంకెల ఆర్ఆర్ఎన్ ఉంటుంది. నంబరు ఇవ్వలేకపోతున్నారంటే డబ్బు ఇంకా వాళ్ల దగ్గర నుంచి కదల్లేదనే నా అనుమానం. అప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి. నంబరు ఇస్తే అది పట్టుకుని మీ బ్యాంకుకెళ్లండి, డబ్బు ఎక్కడ ఆగిందో దాంతోనే వెతుకుతారు.

ఆలస్యానికి రోజుకు వంద రూపాయల పరిహారమని చాలామంది చెబుతుంటారు. ఆ రిజర్వ్ బ్యాంక్ నియమం ఫెయిలైన లావాదేవీలకు, తిప్పి పంపిన మిక్సీకి కాదు.