మీ కాలమ్‌లో ఎన్ని ప్లేట్లు? రిపోర్టులోనే లెక్క చూపించండి

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఫార్మాలో సాల్వెంట్ రికవరీ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. ఇంటర్వ్యూకి నా డిస్టిలేషన్ ల్యాబ్ రిపోర్టు తీసుకెళ్తాను. సింపుల్, ఫ్రాక్షనల్ రెండూ చేశాను కానీ థియరిటికల్ ప్లేట్ల గురించి అడిగితే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రిపోర్టులో నిర్వచనాలు తగ్గించి, ఒక మిశ్రమాన్ని తీసుకుని లెక్క చూపించండి. సైక్లోహెక్సేన్ 80.7 డిగ్రీల సెల్సియస్ దగ్గర, టోలుయిన్ 110.6 దగ్గర మరుగుతాయి. రెండూ సమాన మోల్స్ తీసుకున్నారనుకోండి. వీటి సాపేక్ష బాష్పశీలత సుమారు 2.4. అంటే ద్రవంలో 1:1 ఉంటే, దానితో సమతాస్థితిలో ఉన్న ఆవిరిలో 2.4:1 ఉంటుంది. అంటే సైక్లోహెక్సేన్ 71 శాతం. ఈ ఒక్క దశే ఒక థియరిటికల్ ప్లేటు. సింపుల్ డిస్టిలేషన్‌లో మొదటి చుక్కలు ఇక్కడే ఆగిపోతాయి, ఆ తర్వాత వచ్చేవి ఇంకా తక్కువ శుద్ధి.

ఫ్రాక్షనల్ డిస్టిలేషన్ కాలమ్‌లో ఆ ఆవిరి చల్లబడి ద్రవమై మళ్లీ ఆవిరైతే నిష్పత్తి మరోసారి 2.4 రెట్లు పెరుగుతుంది. రెండో ప్లేటుకు 85 శాతం, మూడోదానికి 93, నాలుగోదానికి 97.

ప్యాకింగ్ చేసే పని ఇక్కడే ఉంది. ఖాళీ గొట్టంలో ఆవిరి చాలావరకు మధ్యలోంచి పైకి వెళ్లిపోతుంది, గోడ వెంట దిగే ద్రవాన్ని పెద్దగా తాకదు. గాజు పూసలు లేదా స్టీలు పీచు నింపితే ద్రవం వాటిపై పలుచని పొరగా పరుచుకుంటుంది. ఆవిరి ఆ పొరను తాకినప్పుడు ఆవిరిలోని టోలుయిన్ ఎక్కువగా ద్రవమై కిందికి దిగుతుంది. అలా వెలువడిన వేడితో పొరలోని సైక్లోహెక్సేన్ ఆవిరై పైకి వెళ్తుంది. అంతే ఎత్తులో ఎక్కువ ప్లేట్లు పడతాయి.

ఉదాహరణకు 20 సెంటీమీటర్ల కాలమ్‌లో, మొదటి చుక్కల గ్యాస్ క్రొమటోగ్రామ్ ఖాళీగా ఉన్నప్పుడు 93, ప్యాకింగ్‌తో 97 శాతం చూపిందనుకోండి. మొత్తం ప్లేట్లు 3, 4. వీటిలో ఒకటి ఫ్లాస్కుదే, దాన్ని తీసేయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మిగిలినవి 2, 3 కాబట్టి ఒక్కో ప్లేటుకు పట్టిన ఎత్తు 10 సెంటీమీటర్ల నుంచి 6.7కు తగ్గింది. దీన్నే హెచ్‌ఈటీపీ అంటారు. ఈ సంఖ్య ఎంత తగ్గితే కాలమ్ అంత మెరుగు.

ఈ లెక్క కచ్చితంగా సరిపోయేది ద్రవమంతా వెనక్కి దిగే టోటల్ రిఫ్లక్స్‌లోనే. వేగంగా సేకరిస్తే ప్లేట్లు తగ్గుతాయి. అందుకే రెండు ప్రయోగాలూ ఒకే వేగంతో చేశారో లేదో రాయండి. వేడి మరీ ఎక్కువైతే ద్రవం కిందికి దిగలేక కాలమ్‌లోనే నిలిచిపోతుంది, దాన్ని ఫ్లడింగ్ అంటారు.

ఇథనాల్, నీటిని ప్యాకింగ్ పెంచి పూర్తిగా వేరుచేయొచ్చా అని అడిగే అవకాశముంది. సాధారణ పీడనం దగ్గర కుదరదు. బరువులో సుమారు 95.6 శాతం ఇథనాల్ దగ్గర ద్రవం, ఆవిరి ఒకే కూర్పుతో ఉంటాయి. అక్కడ సాపేక్ష బాష్పశీలత 1, ఎన్ని ప్లేట్లు పెట్టి గుణించినా నిష్పత్తి మారదు.